పులిహోర రాత్రి దాకా, అటుకులు మర్నాటికి

ప్రశ్న: మే నెలలో సికింద్రాబాద్ నుంచి కాశీకి స్లీపర్‌లో వెళ్తున్నాం. ఉదయం తొమ్మిదిన్నరకు రైలు, మర్నాడు మధ్యాహ్నం రెండు మూడింటికి దిగుతాం. మావారు, నేను, అయిదేళ్ల బాబు, మా అత్తయ్య. అత్తయ్యకు షుగర్ ఉంది, బయటి తిండి ముట్టరు. పులిహోర రెండు రోజులుంటుంది, దాంతోపాటు పెరుగన్నం కలిపితే చాలు అంటున్నారు. కిందటిసారి తిరుపతి నుంచి వస్తుంటే చపాతీ, ఆలూ కూర తిన్న మూడు గంటలకే బాబుకు వాంతులయ్యాయి. కూర వాసన కూడా రాలేదు. ఈసారి ఏం పెట్టుకెళ్లాలి?

జవాబు: ముందు ఆ ఆలూ కూర సంగతి చూద్దాం. అది తెలిస్తే ఈసారి ఏం కట్టాలో సగం తేలిపోతుంది.

తిన్న మూడు గంటల్లోనే వాంతులు మొదలయ్యాయంటే, కూరలో అప్పటికే విషం తయారై ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. బంగాళాదుంపలు ఉడకబెట్టి, చేత్తో పొట్టు తీసి, చేత్తోనే చిదిమి తాలింపులో వేస్తాం. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అలా దుంపల్లోకి చేరుతుంది. కూర బాగా మగ్గితే అది చావవచ్చు. కానీ చాలాసార్లు తాలింపులో ఓసారి తిప్పి దించేస్తాం. లేదంటే డబ్బాలోకి సర్దేటప్పుడు చెయ్యి తగులుతుంది. తర్వాత వేడివేడిగా మూత బిగిస్తాం. ఆ డబ్బా సంచి అడుగున గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. ఆ కాసింత వెచ్చదనం, తడి ఉంటే బ్యాక్టీరియాకు ఇంకేం అక్కర్లేదు. అది వదిలే విషానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అందుకే మీకు అనుమానం రాలేదు. ఆ కూరను మళ్లీ వేడి చేసి పెట్టినా ఫలితం ఉండేది కాదు, ఎందుకంటే ఆ విషం వేడికి పోదు.

అన్నంతోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. బియ్యంలో మామూలుగానే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది గట్టి పెంకు కట్టుకున్న విత్తనంలాంటి రూపంలో ఉంటుంది కాబట్టి అన్నం ఉడికినా చావదు. అన్నం చల్లారుతూ గోరువెచ్చబడినప్పుడు మేలుకుని పెరగడం మొదలుపెడుతుంది. వాంతులు తెప్పించే దీని విషం కూడా మళ్లీ కాచినా పోదు. సాధారణంగా 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల వండిన తిండి ఉన్నంతసేపూ బ్యాక్టీరియా పెరుగుతుందని లెక్క. మే నెల మధ్యాహ్నం బల్లార్షా దాటి నాగపూర్ వైపు వెళ్లే స్లీపర్ బోగీలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అంటే మీ సంచీ ప్రయాణమంతా ఆ మధ్యలోనే ఉంటుంది. చల్లగా ఉంచలేం, వేడిగానూ ఉంచలేం. ఇక మన చేతిలో ఉన్నవి రెండే: పులుపు, పొడిదనం. ఏ వంటకాన్నయినా ఇందులో అది ఎందులోకి వస్తుందో చూసి ఎంచుకోండి. రెండింట్లోకీ రాకపోతే కట్టకండి. ఆలూ కూర, టమాటా పప్పు, కొబ్బరి పచ్చడి, సాంబారు, ఉప్మా, సాదా అన్నం అన్నీ అలా తప్పుకుంటాయి.

పులిహోర విషయంలో మీ అత్తయ్యగారి మాటలో నిజముంది. చింతపండు పులుపు బాగా పట్టిన అన్నంలో ఈ బ్యాక్టీరియా సులభంగా పెరగలేదు. మన పెద్దలు ప్రయాణానికి పులిహోర కట్టుకున్నది అందుకే. అయితే రెండు రోజులని మాత్రం నేను ఒప్పుకోను. ఎంత పులుపు పట్టిందో ఇంట్లో కొలిచే వీలు లేదు. ఈమధ్య పులిహోర రుచికి తగ్గట్టు తేలిగ్గా కలుపుతున్నారు కూడా. ఉదయం ఆరున్నరకు కలిపింది అదే రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా పెట్టండి. మర్నాటి పొద్దున్నకు మిగిలితే, చిన్నపిల్లాడు, షుగర్ ఉన్న పెద్దావిడ ఉన్నారు కాబట్టి నిర్మొహమాటంగా పారేయండి.

ప్రయాణానికి కలిపే పులిహోర పండగనాటి పులిహోరలా ఉండకూడదు. మీ నలుగురికీ ఒక రాత్రికి అరకిలో బియ్యం సరిపోతాయి. మామూలుగా దానికి 70, 75 గ్రాముల చింతపండు వేస్తాం. మీరు 100 గ్రాములు వేయండి. చింతపండును వేడినీళ్లలో నానబెట్టి, చిక్కగా రసం తీసి, ఉప్పు, పసుపు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి నువ్వుల నూనెలో బాగా ఉడికించండి. నీరంతా ఇగిరిపోయి, గుజ్జు దగ్గరపడి, అంచుల చుట్టూ నూనె తేలాలి. ఇది ముందురోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చు. ఇందులోనే చాలామంది తొందరపడతారు. పులుసు పలచగా ఉండగానే దించేస్తే అన్నం తడిగా ఉంటుంది, పులుపూ చాలదు.

అన్నం పొద్దున్నే వండండి, రాత్రి వండి ఉంచింది వద్దు. గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నుంచి గ్లాసుముప్పావు నీళ్లు పోస్తే పలుకుగా వస్తుంది. దించగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి, రెండు చెంచాల నూనె చల్లి, అన్నం ఇంకా వేడిగా ఉండగానే పులుసు కలిపేయండి. చల్లారాక కలుపుదాంలే అని ఆగడం మంచిది కాదు. చల్లారుతూ గోరువెచ్చగా ఉండే ఆ సమయంలోనే బ్యాక్టీరియా మేలుకుంటుంది, అప్పటికి పులుపు ప్రతి మెతుకుకీ అంది ఉండాలి. చేత్తో కాకుండా పొడి గరిటెతో కలపండి. తెల్ల మెతుకు ఒక్కటి కూడా కనబడకూడదు. తాలింపులో వేరుశనగపప్పు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ ఏవైనా వేయండి. పచ్చికొబ్బరి, ఉల్లిపాయ, కొత్తిమీర మాత్రం వద్దు.

కలిపాక పళ్లెంలోనే పలచగా పరిచి, పైన పల్చని బట్ట కప్పి, ఫ్యాన్ కింద ఉంచండి. ముప్పావుగంటలో చల్లారుతుంది. వేలి వెనకవైపు ఆనిస్తే వేడి తగలకూడదు, అప్పుడే డబ్బాలో సర్దండి. వేడిగా సర్దితే మూత లోపల ఆవిరి పట్టి, చుక్కలుగా పడి, పైపొర తడిసిపోతుంది. పులుపు పలచబడేది, ముందుగా పాడయ్యేది అక్కడే. ఒక పెద్ద డబ్బాకు బదులు స్టీలువి రెండు చిన్నవి తీసుకోండి, లోపల నీటిచుక్క లేకుండా తుడిచి ఆరనివ్వండి. అల్యూమినియం ఫాయిల్లో, అల్యూమినియం డబ్బాలో పులిహోర పెట్టకండి. చింతపండు పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది.

నిమ్మకాయ పులిహోర కూడా ఇదే కదా అని అడగొచ్చు. కాదు. నిమ్మరసం చివర్లో పిండుతాం, పైగా పులుసులా దగ్గరికి ఉడికించం, అన్నానికి ఇంకాస్త తడి చేరుతుంది. అది మధ్యాహ్న భోజనానికే.

మొదటిరోజు మధ్యాహ్నానికి మీ అత్తయ్యగారు కోరిన పెరుగన్నం కట్టండి. కానీ కలిపే పద్ధతి మార్చాలి. ప్రయాణమంటే చాలామంది అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు వేస్తారు, తినేవేళకు తోడుకుని కమ్మగా ఉంటుందని. రుచికి అది బాగానే ఉంటుంది. కానీ పాలు తోడుకునేదాకా, అంటే మొదటి మూడు నాలుగు గంటలు, ఆ అన్నంలో పులుపే లేదు. గోరువెచ్చని పాలు, అన్నం, తడి అన్నీ కలిసి బ్యాక్టీరియాకు కావలసిన విధంగా అమరిపోతాయి. మీరు రెండు వంతుల గట్టి పెరుగుకు ఒక వంతు కాచి చల్లార్చిన పాలు పోయండి. అన్నం పూర్తిగా చల్లారాక, పెరుగు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కలపండి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు చాలు. కీరదోస ముక్కలు, దానిమ్మ గింజలు, ద్రాక్ష వద్దు, వాటి నీరు దిగుతుంది. ఉదయం ఏడింటికి కలిపింది పన్నెండున్నరకు తినేయాలి. కాస్త పుల్లబడి ఉంటుంది, అలా ఉండటమే మంచిది. నంజుకోవడానికి చల్లమిరపకాయలు వేయించి పెట్టుకోండి. పొద్దుటి టిఫిన్ మాత్రం ఇంట్లోనే తినేసి బయల్దేరండి.

ఇప్పుడు రెండోరోజు. దీనికి తడి వంట ఏదీ వద్దు.

పొద్దున్నకు పేపర్ అటుకులు అన్నిటికన్నా బాగుంటాయి. పావుకిలో అటుకుల్ని బాణలిలో సన్నసెగ మీద వేయించండి. ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా విరిగితే చాలు. వేరే మూడు నాలుగు చెంచాల నూనెలో వేరుశనగపప్పు, పుట్నాలు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, పసుపు, ఇంగువ, ఉప్పు వేసి అటుకుల్లో కలపండి. కరివేపాకు ఆకు గలగలమనేదాకా వేగాలి, మెత్తగా ఉంటే దాని తడి అటుకులకు చేరుతుంది. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. బాబుకు ఇది ఇలాగే కరకరలాడుతూ నచ్చుతుంది. అత్తయ్యగారికి మెత్తగా కావాలంటే గిన్నెలో తీసుకుని, కొత్త సీసాలోని మంచినీళ్లు కొద్దికొద్దిగా చల్లి, అయిదు నిమిషాలు మూత పెడితే ఉప్మాలా అవుతుంది. పలచని అటుకులు కాబట్టి వేడినీళ్లు అక్కర్లేదు. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం తీసుకెళ్లకండి, రైలు బోగీలో మొబైల్ ఛార్జింగ్ ప్లగ్గుకు దాన్ని పెట్టడం నిషేధం. తడిపింది అప్పుడే తినేయాలి. మళ్లీ డబ్బాలో పోసి మధ్యాహ్నానికి దాచకూడదు.

రెండోరోజు మధ్యాహ్నానికి చపాతీలు నిలబడతాయి, కానీ కూర లేకుండా. పిండిలో పాలు, పెరుగు, ఉడికించిన కూరగాయ కలపకుండా, నీళ్లు తగ్గించి నూనె కాస్త ఎక్కువ పోసి కలపండి. పలచగా వత్తి, రెండువైపులా గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా కాల్చండి. మెత్తగా ఉండాలని సగం కాల్చి దించినవే ముందు బూజు పడతాయి. ఒక్కొక్కటీ విడిగా పరిచి చల్లార్చి, నూలుబట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి. వేడివి ఒకదాని మీద ఒకటి పేర్చి ఫాయిల్ చుడితే మధ్యలోవి చెమ్మబారి, సాయంత్రానికే ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా జిగటగా, వేలితో లాగితే సాగుతున్నట్టు ఉంటే తినకండి. తోడుకు కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు కారం తీసుకెళ్లండి. మేలో ఇంట్లో కొత్త ఆవకాయ ఉంటుంది కాబట్టి చిన్న సీసాలో నూనె తేలేలా పెట్టి, విడిగా ఒక పొడి చెంచా ఉంచండి.

మీవారు, మీరు వేడిగా తినాలనుకుంటే ఆ మధ్యాహ్నానికి రైల్వే ఈ-కేటరింగ్‌లో పీఎన్ఆర్ ఇచ్చి, దారిలోని పెద్ద స్టేషన్‌లో సీటు దగ్గరికి తెప్పించుకోవచ్చు. ఫోన్ నంబరు 1323. వచ్చిన డబ్బా చేతికి వేడిగా తగలాలి, గోరువెచ్చగా ఉంటే తీసుకోకపోవడమే మేలు. ప్లాట్‌ఫారం మీద కొనాలంటే తొక్క ఉన్న అరటిపళ్లు, మరుగుతున్న టీ, సీలున్న నీళ్లసీసా కొనుక్కోండి. కోసిన పళ్లముక్కలు, బుట్టలో చల్లారిన సమోసాలు వద్దు.

అత్తయ్యగారి షుగర్ గురించి ఒక్క మాట. పై జాబితాలో అన్నం, అటుకులు, చపాతీ అన్నీ పిండిపదార్థాలే. కాబట్టి ఆమె వంతు పులిహోర తగ్గించి, వేయించిన శనగలు, వేరుశనగపప్పు పక్కన పెట్టండి. ఇవి రెండు రోజులు కాదు, వారమైనా పాడవవు. మాత్రలు వేసుకునే ఆవిడ భోజనం మానేయడం మాత్రం ప్రమాదం. ఏదో నచ్చలేదని, రైలు ఆలస్యమైందని ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కంగారు కనిపిస్తే వెంటనే ఇవ్వడానికి గ్లూకోజ్ పొడో, పంచదారో చేతిసంచీలో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసులో సీటు కింద ఉంటే ఆ సమయానికి అందదు. మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో బయల్దేరేముందు డాక్టర్‌ని అడగండి.

బాబుకు పాలు కావాలంటే ఫ్లాస్కులో కాచిన పాలు తీసుకెళ్లొద్దు. మధ్యాహ్నానికి అవి గోరువెచ్చబడి, పైన చెప్పిన ఇబ్బందంతా అందులోనే మొదలవుతుంది. ఫ్రిజ్ అవసరం లేదని రాసి ఉన్న చిన్న టెట్రా ప్యాకెట్లు కొనండి, ఒక్కసారికి ఒకటి చొప్పున. తెరిచాక మిగిలితే మీరు తాగేయండి, దాచొద్దు. చిరుతిండికి జంతికలు, చెక్కలు, సున్నుండలు ఇంట్లో చేసినవైతే హాయిగా సరిపోతాయి. కోడిగుడ్లు తీసుకెళ్లాలనుంటే గట్టిగా ఉడికించి, పొట్టు తీయకుండా, మొదటిరోజు మధ్యాహ్నమే తినేయండి. చికెన్ ఫ్రై లాంటివి వద్దు.

తినే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. బోగీలో నీళ్లు రాకపోవచ్చు కాబట్టి ఒక సీసా నీళ్లు, పేపర్ సబ్బు విడిగా పెట్టుకోండి. శానిటైజర్ జిడ్డు చేతుల మీద సరిగా పనిచేయదు. డబ్బాలోంచి అందరూ చేత్తో తీసుకోకుండా, గరిటెతో ప్లేటులో పెట్టుకోండి. ప్లేటులో మిగిలింది డబ్బాలోకి తిరిగి వేయకండి.

జాగ్రత్తపడినా బాబుకు వాంతులైతే, ఆ పూట తిన్నది ఇక ఎవరూ ముట్టవద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు దగ్గరుంచుకోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. మామూలుగా పెద్ద ప్యాకెట్‌కు ఒక లీటరు ఉంటుంది, తక్కువ నీళ్లలో చిక్కగా కలపడం మంచిది కాదు. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ఏమీ కడుపులో నిలవకపోయినా, నోరు ఎండిపోయి ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా, వాంతిలోనో విరేచనంలోనో రక్తం కనిపించినా కాశీ చేరేదాకా ఆగొద్దు. 139కి ఫోన్ చేసినా, టీటీఈకి చెప్పినా తర్వాతి స్టేషన్‌లో డాక్టర్‌ని పిలిపించే ఏర్పాటు ఉంది.

సంచీ సర్దేటప్పుడు అత్తయ్యగారికి ఒక పూట అదనంగా అటుకులు, శనగలు వేయండి. రైలు నాలుగైదు గంటలు ఆలస్యమైతే మీరిద్దరూ బయట తినగలరు, ఆవిడ తినరు. పెరుగన్నం, పులిహోర డబ్బాలు పైన ఉండాలి, అటుకులు, చపాతీలు అడుగున ఉండాలి. కిటికీ పక్కన ఎండ పడేచోట కాకుండా, సీటు కింద నీడలో పెట్టండి.